ఉల్లి నూనె, రోజ్‌మేరీ సీరం: సీసా మీది మాటలను ఎలా చదవాలి?

జుట్టు పెంచుతామంటూ అమ్మే నూనెలు, సీరంల మీద ఈమధ్య ఎక్కువగా కనిపించే పేర్లు రెండు: ఉల్లి, రోజ్‌మేరీ. ఈ రెండింటి గురించి శాస్త్రీయ పరిశోధన లేకపోలేదు. ఉల్లిరసం మీద 2002లో ఇరాక్‌లో, రోజ్‌మేరీ మీద 2015లో ఇరాన్‌లో జరిగిన అధ్యయనాలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. ప్రకటనల్లో వినిపించే ‘పరిశోధనల్లో రుజువైంది’ అనే మాట చాలావరకు ఈ రెండింటినే ఆసరా చేసుకుంటుంది. అయితే ఆ అధ్యయనాల్లో దేనిని, ఏ రోగుల మీద, ఎంతకాలం, దేనితో పోల్చి పరీక్షించారో చూస్తే దుకాణంలో దొరికే సీసాకూ వాటికీ మధ్య చాలా దూరం ఉందని తెలుస్తుంది. ఆ దూరాన్ని కొలవడం నేర్చుకుంటే ఉల్లి, రోజ్‌మేరీల తరవాత రేపు మరో పేరు వచ్చినా దాని సంగతి తేల్చుకోవచ్చు.

వెంట్రుక పెరిగే తీరు

పైకి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. గోరులాగే అది కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైన పదార్థం. ప్రాణం ఉన్నదల్లా చర్మం లోపల, వెంట్రుక పుట్టే కుదురులోనే. మనిషి తలమీద సుమారు లక్ష కుదుళ్లు ఉంటాయి. ఒక్కో కుదురు రెండు నుంచి ఆరేళ్లపాటు వెంట్రుకను పెంచుతుంది. తరవాత రెండు మూడు వారాల్లో పని ఆపేస్తుంది. ఆపైన సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. విశ్రాంతి దశ ముగిసేసరికి పాత వెంట్రుక రాలిపోయి అదే కుదురులో కొత్తది మొదలవుతుంది. ఏ రోజున చూసినా ఎక్కువ కుదుళ్లు పెరిగే దశలో, పదోవంతు దాకా విశ్రాంతిలో ఉంటాయి. అందువల్ల రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఆరోగ్యవంతులకూ మామూలే.

పెరిగే వేగం నెలకు సుమారు ఒక సెంటీమీటరు. ఈ ఒక్క అంకె గుర్తుంటే కొన్ని ప్రకటనలు అక్కడికక్కడే తేలిపోతాయి. ‘15 రోజుల్లో కొత్త జుట్టు’ అని చెప్పే సీరం నిజంగానే ఒక కుదురును నిద్రలేపిందనుకున్నా, పక్షం రోజుల్లో బయటపడేది అర సెంటీమీటరుకు మించదు. ఆ పొడవు వెంట్రుకలు జుట్టును ఒత్తుగా చూపించలేవు. అందుకే జుట్టు మందులను పరీక్షించేవారు కనీసం ఆరు నెలలు ఆగి లెక్కిస్తారు.

రాలడానికి కారణం అందరిలో ఒకటి కాదన్నది రెండో సంగతి. మగవాళ్లలో నుదురు వెనక్కి జరిగి మాడు పలచబడటం, ఆడవాళ్లలో పాపిట వెడల్పు కావడం చాలావరకు వంశపారంపర్యం. డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావంతో కుదుళ్లు ఏళ్ల తరబడి క్రమంగా కుంచించుకుపోయి, ఒక్కో విడతకూ మరింత సన్నని వెంట్రుకను మొలిపిస్తాయి. మగవాళ్లలో ఈ హార్మోను పాత్ర మరీ స్పష్టం. పేనుకొరుకుడు ఇందుకు పూర్తిగా వేరు. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ పొరపాటున కుదుళ్ల మీదే దాడి చేయడంతో నాణెమంత మేర గుండ్రంగా, నున్నగా జుట్టు ఊడిపోతుంది. జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఉన్నట్టుండి తిండి తగ్గించడం వంటి కుదుపుల తరవాత తలంతటా కుచ్చులుగా రాలడం మూడో రకం. ఒక రకానికి పనిచేసిన మందు మరో రకానికి పనిచేస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

బాగ్దాద్‌లో ఉల్లిరసం

2002లో బాగ్దాద్ వైద్యులు జపాన్ నుంచి వెలువడే ఒక చర్మవైద్య పత్రికలో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. అందులో పాల్గొన్నవాళ్లంతా పేనుకొరుకుడు రోగులు. 23 మంది జుట్టు ఊడిన చోట రోజుకు రెండుసార్లు పచ్చి ఉల్లిరసం రాసుకున్నారు. మరో 15 మంది కుళాయి నీళ్లు రాసుకున్నారు. రెండు నెలలపాటు ఇలా సాగింది. ఆరు వారాలు గడిచేసరికి ఉల్లిరసం రాసినవాళ్లలో 20 మందికి, అంటే దాదాపు 87 శాతం మందికి జుట్టు మొలిచింది. నీళ్లు రాసినవాళ్లలో ఎనిమిది వారాలకు మొలిచింది ఇద్దరికే.

అంకెలు ఆకట్టుకునేవే. వాటిని తీసిపారేయనక్కర్లేదు కానీ వాటి హద్దులు తెలియాలి. మొదటిది, ఇది పేనుకొరుకుడు గురించిన అధ్యయనం. పాపిట వెడల్పవుతున్న స్త్రీకి, మాడు పలచబడుతున్న పురుషుడికి ఇందులో జవాబు లేదు. రెండోది, పేనుకొరుకుడు మచ్చలు చిన్నవైతే చాలామందిలో ఏ మందూ లేకుండానే కొన్ని నెలల్లో పూడుకుంటాయి. అందుకే ఈ రోగంలో మందు గొప్పతనం తేల్చాలంటే రెండు గుంపులూ అన్ని విధాలా సమానంగా ఉండాలి. 38 మందితో ఆ నమ్మకం కుదరదు. మూడోది, ఎవరు ఏది రాసుకుంటున్నారో దాచడం ఇక్కడ అసాధ్యం. ఉల్లి వాసన తలుపు దాటి వస్తుంది. తమకు అసలు మందు అందుతోందని తెలిసిన రోగి, ఆ సంగతి తెలిసి పరీక్షించే వైద్యుడు ఫలితాన్ని కాస్త ఆశతో చూడటం సహజం. మంచి పరీక్షల్లో ఇద్దరికీ తెలియకుండా జాగ్రత్తపడేది అందుకే.

నాలుగోది సీసాకు నేరుగా సంబంధించినది. అక్కడ వాడింది పచ్చి రసం. ఉల్లిపాయను కోసినప్పుడు దాని కణాలు చితికి, ఒక ఎంజైము గంధకపు సమ్మేళనాలను పుట్టిస్తుంది. కళ్ల నీళ్లు, ఘాటు వాసన వాటివల్లనే. అవి నిలకడలేనివి, త్వరగా ఆవిరై మారిపోతాయి. రసం రాసిన చోట చర్మం ఎర్రబడటాన్ని ఆ వైద్యులూ గమనించారు. చర్మాన్ని ఇలా ఒరిపించే గుణమే పేనుకొరుకుడులో పనిచేసి ఉండవచ్చన్న ఊహ ఉంది. ఈ రోగానికి చర్మంలో కావాలని అలర్జీ పుట్టించే చికిత్స చర్మవైద్యంలో నిజంగానే ఉంది. మరి మల్లెపూల వాసనతో, చర్మానికి ఏ మంటా లేకుండా, ఏడాదిన్నర నిలవ ఉండే నూనెలో ఆ గంధకపు సమ్మేళనాలు ఎంత మిగిలాయన్నది ఎవరైనా కొలిచి చూపితేనే తెలుస్తుంది. సీసా మీద ఆ కొలత ఉండదు.

ఉల్లి పేరుతో వచ్చే సీసాల్లో ఇంకో తికమక కూడా ఉంది. ‘ఆనియన్ సీడ్’ అని రాసిన కొన్నింటిలో ఉండేది ఉల్లి విత్తనం కాదు, కలోంజీ. ఆ మొక్కకు ఉల్లితో ఏ చుట్టరికమూ లేదు. పదార్థాల పట్టికలో ‘అల్లియం సెపా’ అని ఉంటే ఉల్లి, ‘నైజెల్లా సటైవా’ అని ఉంటే కలోంజీ. రెండో దానికి బాగ్దాద్ అధ్యయనాన్ని అంటగట్టడం కుదరదు.

ఇరాన్‌లో రోజ్‌మేరీ

రోజ్‌మేరీ అధ్యయనం వంశపారంపర్య బట్టతల గురించినది కాబట్టి ఎక్కువమంది కొనుగోలుదారుల సమస్యకు దగ్గరగా ఉంటుంది. వంద మంది పురుషులను రెండు గుంపులు చేశారు. యాభై మందికి రోజ్‌మేరీ లోషన్, యాభై మందికి 2 శాతం మినాక్సిడిల్ ఇచ్చారు. మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్రగా పుట్టింది. వాడినవాళ్లకు ఒంటిమీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో పురుషుల బట్టతలకు అనుమతి పొందింది. ఆరు నెలల తరవాత రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ‘మినాక్సిడిల్‌తో సమానంగా పనిచేసే రోజ్‌మేరీ’ అన్న ప్రచారానికి పునాది ఇదే.

అసలు లెక్క చూడాలి. ఫొటో తీసిన నిర్ణీత ప్రదేశంలో సగటు వెంట్రుకల సంఖ్య రోజ్‌మేరీ గుంపులో 122.8 నుంచి 129.6కు పెరిగింది. అంటే ఏడు వెంట్రుకలు, నూటికి ఐదారు. మినాక్సిడిల్ గుంపులో 138.4 నుంచి 140.7కు పెరిగింది. అంటే రెండు వెంట్రుకలు. మూడు నెలల దగ్గర లెక్కించినప్పుడు ఏ గుంపులోనూ గమనించదగ్గ మార్పే లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటుంది. రోజ్‌మేరీ బాగా పనిచేయడం వల్ల రెండూ సమానమయ్యాయా, ఆ అధ్యయనంలో మినాక్సిడిల్ పెద్దగా పనిచేయకపోవడం వల్ల సమానమయ్యాయా? రెండు వెంట్రుకల పెరుగుదల మినాక్సిడిల్‌కు చాలా తక్కువ. అంత తక్కువ ఫలితంతో సమానం కావడం గొప్పగా చెప్పుకోదగిన విషయం కాదు. పైగా పోల్చింది 2 శాతం మందుతో. పురుషులకు ఇప్పుడు సాధారణంగా సూచించేది 5 శాతం. అమెరికాలో 393 మంది పురుషుల మీద జరిగి 2002లో ప్రచురితమైన పరీక్షలో, 48 వారాలకు 5 శాతం మందు 2 శాతం కంటే 45 శాతం ఎక్కువ జుట్టును ఇచ్చింది.

అన్నింటికంటే పెద్ద లోటు మూడో గుంపు లేకపోవడం. మందు లేని మామూలు ద్రవం రాసుకున్నవాళ్లు ఒక యాభై మంది ఉండి ఉంటే, రోజూ మాడు మర్దన చేసుకోవడం వల్ల, రుతువులతో వచ్చే హెచ్చుతగ్గుల వల్ల, లెక్కింపులో తేడాల వల్ల ఎంత మార్పు వస్తుందో తెలిసేది. అది తెలియకుండా ఏడు వెంట్రుకల్లో రోజ్‌మేరీ వాటా ఎంతో చెప్పలేం. ఆ గుంపులో ఒక మనిషికీ మరో మనిషికీ వెంట్రుకల సంఖ్యలో ఉన్న తేడాయే యాభై దాకా ఉందన్నది కూడా మనసులో పెట్టుకోవాలి. ఈ అధ్యయనం అబద్ధమనడం తగదు. ఇది ఆశ కలిగించే చిన్న తొలి అడుగు. దాన్ని మరింత పెద్ద పరీక్షతో సరిచూడాలి. ప్రకటనలు మాత్రం తొలి అడుగును తుది తీర్పుగా చూపుతున్నాయి.

ఒక సీసాను చదివి చూస్తే

ఈ తరహా సీసాలు సాధారణంగా ఎలా ఉంటాయో చూపడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. అది 200 మిల్లీలీటర్ల నూనె. ముందువైపు పెద్ద అక్షరాల్లో ‘ఉల్లి, రోజ్‌మేరీ హెయిర్ గ్రోత్ ఆయిల్’ అని ఉంది. కింద ‘జుట్టు రాలడం 92 శాతం దాకా తగ్గుతుంది’ అని రాసి పక్కన చిన్న చుక్క గుర్తు పెట్టారు. ఇంకా కింద ‘డెర్మటాలజికల్లీ టెస్టెడ్’, ‘సల్ఫేట్లు, పారాబెన్లు లేవు’ అన్న మాటలున్నాయి.

మొదట చూడాల్సింది చుక్క గుర్తుకు వివరణ. సీసా వెనక అడుగున సన్నని అక్షరాల్లో అది దొరుకుతుంది: ‘తెగిపోవడం వల్ల రాలే జుట్టుకు మాత్రమే, కండిషనర్ లేని షాంపూతో పోల్చినప్పుడు.’ ఈ ఒక్క వాక్యంతో వాగ్దానం అర్థమే మారిపోయింది. జుట్టు రెండు విధాలుగా చేతికొస్తుంది. కుదురు నుంచి ఊడి రావడం ఒకటి, మధ్యలో తెగిపోవడం ఇంకొకటి. తెగేదాన్ని ప్రయోగశాలలో కత్తిరించిన వెంట్రుకల పాయల మీద కొలుస్తారు. ఒక పాయకు నూనె రాసి, ఇంకో పాయను వట్టి షాంపూతో కడిగి, రెండింటినీ ఒకే విధంగా పలుమార్లు దువ్వి, తెగిపడిన ముక్కలను లెక్కిస్తారు. నూనె ఏదైనా వెంట్రుకను జారుడుగా చేస్తుంది కాబట్టి ముక్కలు తగ్గుతాయి. 92 శాతం నిజమే కావచ్చు. కానీ దానికీ కుదుళ్లకూ సంబంధం లేదు. ఉల్లికీ సంబంధం లేదు. కొన్నవాళ్లు ‘గ్రోత్’ అన్న మాట పక్కనే 92 చూసి, పలచబడుతున్న మాడు నిండుతుందని అనుకుంటారు.

తమకు రాలుతున్నది ఏ రకమో ఇంట్లోనే చూసుకోవచ్చు. దువ్వెనలో, దిండు మీద దొరికిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చివరలు చూడాలి. ఒక చివర చిన్న తెల్లని గుబ్బ ఉంటే అది కుదురు నుంచి వచ్చింది. గుబ్బ లేకుండా పొట్టిగా, చివర చిట్లి ఉంటే తెగింది. ఎక్కువ భాగం గుబ్బలతో వస్తుంటే, తెగడాన్ని 92 శాతం తగ్గించే నూనె వల్ల ఒరిగేది తక్కువ.

ఇంకొన్ని సీసాల మీద చుక్క గుర్తు ‘32 మంది వినియోగదారుల అభిప్రాయం, నాలుగు వారాలు’ అని చెబుతుంది. అంటే వెంట్రుకలు లెక్కపెట్టలేదు. సీసాను ఉచితంగా వాడటానికి ఇచ్చి, ‘జుట్టు రాలడం తగ్గినట్టు అనిపించిందా’ అని అడిగారు. నూటికి 92 మంది ‘అవును’ అన్నారన్నదానికీ, జుట్టు రాలడం 92 శాతం తగ్గిందన్నదానికీ పోలికే లేదు.

‘డెర్మటాలజికల్లీ టెస్టెడ్’ అన్నది సాధారణంగా చర్మం మీద రాసి, మంట, దద్దురు వస్తాయేమో చూసిన పరీక్ష. జుట్టు పెరిగిందో లేదో అందులో చూడరు. ‘సల్ఫేట్లు లేవు’ అన్నది నూనె మీద అనవసరమైన మాట. సల్ఫేట్లు షాంపూలో నురగ కోసం వేసే పదార్థాలు. అవి ఏ తలనూనెలోనూ ఉండవు. పారాబెన్లు నీళ్లున్న క్రీములు, లోషన్లలో సూక్ష్మజీవులు పెరగకుండా వేసేవి. నీళ్లే లేని నూనెకు వాటి అవసరం చాలా తక్కువ.

ఇక పదార్థాల పట్టిక. భారతదేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను పరిమాణం తగ్గే వరుసలో రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తరవాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఊహా సీసా వెనక వరుస ఇలా ఉంది: లైట్ లిక్విడ్ పారాఫిన్, పొద్దుతిరుగుడు నూనె, ఆముదం, నువ్వుల నూనె, పెర్ఫ్యూమ్, అల్లియం సెపా ఎక్స్‌ట్రాక్ట్, రోజ్‌మేరీ లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్, టోకోఫెరిల్ అసిటేట్, బీహెచ్‌టీ. తలనూనెలో పరిమళం ఒక శాతం అటూ ఇటూగా వేస్తారు. అందుకే పెర్ఫ్యూమ్‌కు ముందున్నవే సీసాలో దాదాపు అన్నీ. తరవాత వచ్చేవి బహుశా శాతంలోపు. 200 మిల్లీలీటర్లలో ఒక శాతం అంటే రెండు మిల్లీలీటర్లు. పైగా ‘ఎక్స్‌ట్రాక్ట్’ అన్నది కూడా శుద్ధమైన సారం కాదు. అది తరచు మరో నూనెలోనో గ్లిజరిన్‌లోనో పలచగా కలిపిన ద్రావణం. సీసా పేరులో మొదట నిలిచిన ఉల్లి, లోపల చివరి వరుసలో ఉంది.

రోజ్‌మేరీ విషయంలో ఇంకో మెలిక కనిపిస్తుంది. ఆకు నుంచి ఆవిరి పట్టి తీసే సుగంధ తైలం వేరు, ఆకు ఎక్స్‌ట్రాక్ట్ వేరు. తైలంలో సినియోల్, కర్పూరం వంటి ఆవిరయ్యే పదార్థాలుంటాయి. ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉండే కార్నోసిక్ ఆమ్లం నూనెలు చిక్కు వాసన రాకుండా కాపాడుతుంది. అందుకే నూనె పదార్థాల పరిశ్రమలో దాన్ని నిలవ కోసం ఎప్పటినుంచో వాడుతున్నారు. పట్టిక చివర చిటికెడు రోజ్‌మేరీ ఎక్స్‌ట్రాక్ట్ ఉంటే, అది జుట్టు కోసం వేశారో నూనె పాడవకుండా వేశారో చదివి చెప్పడం కష్టం. ఇరాన్ పరీక్షలో ఇచ్చిన లోషన్‌లో సినియోల్ ఎంత ఉండాలో కొలిచి నిర్ణయించారు. అలాంటి కొలత ఇవ్వని సీసా ఆ పరీక్ష పేరు చెప్పుకోవడం సరికాదు.

సీరంల సంగతి కాస్త వేరు. అవి నీటి ఆధారంగా తయారై జిడ్డు లేకుండా ఉంటాయి. వాటి మీద ‘రెడెన్‌సిల్ 3 శాతం’ వంటి అంకె స్పష్టంగా కనిపిస్తుంది. కానీ రెడెన్‌సిల్ ఒకే పదార్థం కాదు. నీరు, గ్లిజరిన్‌లలో కలిపిన కొన్ని వృక్ష పదార్థాల మిశ్రమానికి అది వ్యాపార నామం. మూడు శాతం అన్నది ఆ మిశ్రమం మొత్తానికి వర్తిస్తుంది. అసలు పనిచేయాల్సిన భాగం అందులో ఇంకా కొంతే. ఇలాంటి మిశ్రమాలకు చూపించే ఫలితాలు చాలావరకు వాటిని తయారుచేసి అమ్మే కంపెనీలు కొద్దిమంది మీద చేయించిన పరీక్షలవే.

ఆయుర్వేద ఔషధంగా లైసెన్సు పొందిన తలనూనెల సీసా మీద గుంటగలగర, ఉసిరి వంటివి ఎంతెంత వేశారో సాధారణంగా రాస్తారు. కొలత కనిపించడం మేలే. అయితే ఎంత వేశారో తెలియడం, అది పనిచేస్తుందని తేలడం రెండు వేర్వేరు విషయాలు.

దానంతటదే తగ్గిన రాలుడు

ఇన్ని లోపాలున్నా ‘నాకు పనిచేసింది’ అని నిజాయితీగా చెప్పేవాళ్లు ఎందుకు కనిపిస్తారు? డెంగీ జ్వరం ఉదాహరణతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆగస్టులో జ్వరం వచ్చిందనుకుంటే, ఆ కుదుపుకు మామూలు కంటే చాలా ఎక్కువ కుదుళ్లు ఒకేసారి విశ్రాంతిలోకి వెళతాయి. విశ్రాంతి రెండు మూడు నెలలు కాబట్టి రాలడం మొదలయ్యేది అక్టోబరు చివర్లోనో నవంబరులోనో. అప్పటికి జ్వరం సంగతి మరిచిపోతారు. నీళ్లు మారాయనో షాంపూ పడలేదనో అనుకుని నవంబరులో ఉల్లి నూనె కొంటారు. దీన్ని వైద్యులు టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కారణం తొలగిపోయి ఉంటే ఇది సాధారణంగా ఆరు నెలల్లోపు తనంతట తానే సద్దుమణుగుతుంది. ఫిబ్రవరి, మార్చి నాటికి రాలడం తగ్గి, నుదుటి అంచున చిన్న చిన్న కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తాయి. ఆ పేరు నూనెకు దక్కుతుంది. కాన్పయిన మూడో నెలలో మొదలయ్యే రాలుడుదీ ఇదే కథ.

రాలడం శిఖరానికి చేరినప్పుడే ఎవరైనా కొత్త సీసా కొంటారు. శిఖరం తరవాత తగ్గుముఖమే కాబట్టి, ఆ సమయంలో ఏది రాసినా పనిచేసినట్టే కనిపిస్తుంది. ఈ పొరపాటు నుంచి కాపాడేదే పరీక్షల్లోని మందు లేని గుంపు. అది లేని అనుభవం, చెప్పేవాళ్లు ఎంత నమ్మకస్తులైనా, నూనెకు సాక్ష్యం కాలేదు.

నూనె నిజంగా చేసేదేమిటి?

తలకు నూనె పెట్టుకునే అలవాటు ఇవన్నీ తెలిసినా వృథా కాదు. 2003లో భారతీయ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలస్నానంలో ప్రొటీన్ నష్టాన్ని తగ్గించిందని తేలింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. తలస్నానానికి ముందు కొబ్బరి నూనె రాస్తే ఉన్న జుట్టు తెగకుండా, మెరుపుతో నిలుస్తుంది. పొడవు నిలుస్తుంది కాబట్టి పెరిగినట్టు అనిపిస్తుంది. ఇది కాడకు జరిగే మేలు. దీనికి మామూలు కొబ్బరి నూనె చాలు.

నష్టాలూ ఉన్నాయి. చుండ్రుకు కారణమైన మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు ఆమ్లాలను తిని బతుకుతుంది. చుండ్రు ఉన్న మాడుకు రాత్రంతా నూనె పట్టిస్తే దురద, పొట్టు పెరగవచ్చు. నుదుటి మీదికి జారే నూనె మొటిమలు తెస్తుంది. రోజ్‌మేరీ సుగంధ తైలాన్ని పలచన చేయకుండా నేరుగా రాస్తే చర్మం మండుతుంది. కొందరికి అలర్జీ కూడా వస్తుంది. కర్పూరం ఉన్న తైలం కాబట్టి పసిపిల్లలకు, మూర్ఛ ఉన్నవాళ్లకు వైద్యుల సలహా లేకుండా వాడకూడదు. కొత్త సీసా ఏదైనా మొదట మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడటం మంచిది.

చట్టం ఏమంటుంది?

సీసాల మీద ‘సహాయపడుతుంది’, ‘దోహదం చేస్తుంది’, ‘ఒత్తుగా కనిపించేలా’ వంటి మెత్తని మాటలు ఎక్కువగా ఉండటానికి కారణం చట్టమే. భారతీయ చట్టంలో సౌందర్య సాధనం అంటే శుభ్రపరిచేది, అందాన్ని పెంచేది, రూపాన్ని మార్చేది. శరీరం పనితీరును మారుస్తానని చెప్పగానే అది మందుల పరిధిలోకి వెళుతుంది. మందుల విషయంలో 1945 నాటి నిబంధనల్లోని షెడ్యూల్ ‘జె’ ఉంది. ఏయే జబ్బులను నివారిస్తామని, నయం చేస్తామని చెప్పుకోకూడదో అందులో జాబితా ఇచ్చారు. ఆ జాబితాలో బట్టతల, కొత్త జుట్టు మొలిపించడం కూడా ఉన్నాయి. అందువల్ల ‘గ్రోత్’ అని పేరులో పెట్టి, వాక్యంలో మాత్రం ‘కనిపించేలా’ అని రాసే సీసా కనబడితే, కంపెనీ తాను దేనికి పూచీ పడుతోందో ఆ రెండో మాటతోనే చెబుతోందని అర్థం చేసుకోవాలి.

ప్రకటనల్లో కనిపించే నటులకూ బాధ్యత ఉంటుంది. కేరళలోని త్రిశూర్ జిల్లా వినియోగదారుల ఫోరం ఒక హెయిర్ క్రీమ్ కేసులో కంపెనీకి, దాన్ని ప్రచారం చేసిన సినీ నటుడికి చెరో పది వేల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2021 ఆరంభంలో ఈ తీర్పు దేశమంతటా వార్త అయింది. తాను ఆ క్రీమ్ వాడలేదని నటుడు విచారణలో ఒప్పుకున్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటన మీద, తయారీదారుతోపాటు ప్రచారం చేసినవాళ్లకు కూడా పది లక్షల దాకా జరిమానా వేయడానికి వీలు కల్పిస్తోంది. మళ్లీ చేస్తే అది యాభై లక్షల దాకా ఉంటుంది. మోసపోయామనుకున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సీసా, బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోవడం అందుకు అవసరం.

ఎప్పుడు వైద్యుల దగ్గరికి?

గుండ్రని మచ్చలు పడినా, మాడు మీద నొప్పి, చీము, నున్నటి మచ్చలు కనిపించినా, పిల్లలకు జుట్టు ఊడుతున్నా నూనెలతో కాలం గడపకూడదు. కొన్ని జబ్బుల్లో కుదురు పూర్తిగా మాసిపోతుంది. ఆ తరవాత ఏ మందుకూ అక్కడ జుట్టు రాదు. తలంతటా రాలడం ఆరు నెలలు దాటినా చర్మవైద్యులను కలవాలి. వాళ్లు సాధారణంగా రక్తహీనత, శరీరంలోని ఇనుము నిల్వ, థైరాయిడ్ చూసి, గత మూడు నాలుగు నెలల్లో వచ్చిన జబ్బులు, మార్చిన తిండి, వాడిన మందుల గురించి అడుగుతారు. వంశపారంపర్య బట్టతల అని తేలితే మినాక్సిడిల్ వంటి పరీక్షించిన మందులు సూచిస్తారు. వాటికీ హద్దులున్నాయి. మొదటి వారాల్లో రాలడం కాస్త పెరగవచ్చు. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. మానేస్తే వచ్చిన లాభం కొన్ని నెలల్లో పోతుంది. నమ్మదగిన మందు ఈ హద్దులను ముందే చెబుతుంది.

ఇంత తెలిసి కూడా ఏదైనా నూనె, సీరం ప్రయత్నించాలనుకుంటే కొలత సొంతంగా పెట్టుకోవచ్చు. మొదలుపెట్టే రోజున తడిలేని జుట్టుతో, ఒకే వెలుతురులో, ఒకే చోట పాపిట తీసి, పైనుంచి ఒక ఫొటో తీయాలి. అదే తీరులో మూడో నెల, ఆరో నెల మళ్లీ తీయాలి. ఈ మధ్యలో మరో కొత్త మందు, మాత్ర మొదలుపెట్టకూడదు. అంతకుముందు నాలుగు నెలల్లో జ్వరం, కాన్పు, ఆపరేషన్ ఉంటే ఆ సంగతి ఫొటో పక్కనే రాసుకోవాలి, ఎందుకంటే అప్పుడు వచ్చే మెరుగు నూనెది కాకపోవచ్చు. ఆరు నెలల ఫొటోలో పాపిట వెడల్పు తగ్గకపోతే సీసా మార్చడం కంటే వైద్యుల చేత కారణం తేల్చుకోవడమే సరైన దారి.